పాటల వేలిముద్ర అని చెప్పి ఫైలు వేలిముద్ర అమ్ముతున్నారు: డూప్లికేట్లు తీసే ప్రోగ్రాం కొనేవారికి హెచ్చరిక

మాది పర్లాకిమిడి. మైకుసెట్టు వ్యాపారం. ఊరు ఒడిశాలో ఉన్నా మా పనికి సరిహద్దు లేదు. ఇవాళ పాతపట్నంలో పెళ్లి, రేపు కాశీనగర్‌లో ఉపనయనం. అందుకే మా హార్డ్‌డిస్కులో తెలుగు, ఒడియా, హిందీ పాటలు కలిసి 41,000 ఫైళ్లు చేరాయి. సీడీల నుంచి ఎక్కించినవి కొన్ని, ఎవరెవరో పెన్‌డ్రైవుల్లో ఇచ్చినవి కొన్ని, మా నాన్నగారి క్యాసెట్ల నుంచి రికార్డు చేసినవి కొన్ని. ఒకే పాట అయిదు పేర్లతో ఉంటుంది. అదే సమయంలో Track 03.mp3 అనే ఒకే పేరుతో డజన్ల కొద్దీ వేర్వేరు పాటలు ఉంటాయి.

ఈ గందరగోళం తీరుతుందని 1,899 రూపాయలు పెట్టి ఒక ప్రోగ్రాం కొన్నాను. ‘ఆడియో ఫింగర్‌ప్రింట్‌తో పనిచేస్తుంది, ఫైలు పేరు చూడదు, పాటనే వింటుంది’ అని అమ్మేవాళ్ల ప్రకటన. తొమ్మిది నిమిషాల్లో పని ముగించి 6,300 డూప్లికేట్లు చూపించింది. నాలుగైదు గుంపులు పైపైన చూసి అన్నీ తీసేయమన్నాను. తప్పు నాదే, అది ఒప్పుకుంటాను.

తర్వాతి వారం కాశీనగర్ దగ్గర పెళ్లి. అమ్మాయి వాళ్లు ఒడియా వాళ్లు. అప్పగింతల వేళ పెద్దాయన ఒకరు వచ్చి, “మాస్టారూ, అమ్మాయిని పంపే పాట వేయండి” అన్నారు. ఆ ఆల్బం ఫోల్డరు తెరిస్తే ఖాళీ. ఆ సీడీ పాటలన్నీ Track 01, Track 02 పేర్లతోనే ఉండేవి. ఆ ప్రోగ్రాం వేరే సీడీలో అవే పేర్లున్న పెద్ద ఫైళ్లను ఉంచి, వీటిని ఎత్తేసింది. నేను సన్నాయి వాయిద్యం పెట్టి తల వంచుకుని కూర్చున్నాను.

మర్నాడు దాని లోగుట్టు చూశాను. ఫలితాల పట్టికలో ‘ఫింగర్‌ప్రింట్’ అనే గడి ఉంది. అందులో 32 అక్షరాల వరస, అన్నీ 0 నుంచి 9, a నుంచి f మధ్యలోవే. అది చూడగానే అనుమానం వచ్చి, ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి ఎండీ5 అనే వరస ఇచ్చే ఈ ఆజ్ఞను విండోస్‌లో ఇచ్చాను:

```
certutil -hashfile "Track 03.mp3" MD5
```

అక్షరం పొల్లుపోకుండా అదే వరస వచ్చింది. అంటే అది పాట వేలిముద్ర కాదు, ఫైలు వేలిముద్ర. పాటకు ఉన్న ట్యాగులో ఒక్క అక్షరం మార్చినా ఎండీ5 పూర్తిగా మారిపోతుంది. ఇంకా విడ్డూరం ఏమిటంటే, ఒకే గుంపులో పెట్టిన రెండు ఫైళ్లకు ఆ వరసలు వేరువేరుగానే ఉన్నాయి. గుంపులు కట్టింది పేరును బట్టే. ఆ గడి అలంకారం. కంపెనీకి రాస్తే, “ఫింగర్‌ప్రింట్ అంటే ఫైలు ఫింగర్‌ప్రింట్ అనే మా ఉద్దేశం” అని జవాబు.

అసలు తొమ్మిది నిమిషాలనగానే నేను మేలుకోవలసింది. ఒక్కో ఫైలు సగటున 5 ఎంబీ అనుకుంటే 41,000 ఫైళ్లు దాదాపు 200 జీబీ. సెకనుకు 100 ఎంబీ చదివే మా డిస్కులో వాటిని ఊరికే చదవడానికే అరగంట దాటుతుంది. పాటను విని ముద్ర తీయాలంటే చదివితే చాలదు, ఎంపీ3ని విప్పి ధ్వనిగా మార్చాలి కూడా. తర్వాత నేను ఉచితంగా దొరికే, నిజంగా ధ్వని నుంచే ముద్ర తీసే క్రోమాప్రింట్ వాడితే, మా పాత ల్యాప్‌టాప్‌కు ఒక రాత్రంతా పట్టింది.

క్రోమాప్రింట్‌తో వచ్చే చిన్న ప్రోగ్రాం పేరు fpcalc. అది పాటను ఒకే ఛానెల్‌గా కలిపి, ఏ క్షణంలో ఏ స్వరస్థానాలు ఎంత బలంగా ఉన్నాయో లెక్కగట్టి, సెకనుకు సుమారు ఎనిమిది సంఖ్యల చొప్పున రాస్తుంది. ఒక్కో సంఖ్యలో 32 బిట్లు. రెండు పాటల సంఖ్యలను పక్కపక్కన పెట్టి, ఎన్ని బిట్లు తేడాగా ఉన్నాయో లెక్కపెట్టడమే పోలిక. సంబంధం లేని పాటలైతే సగం బిట్లు తేడా వస్తాయి, బొమ్మా బొరుసూ వేసినట్టు. ఒకే రికార్డింగు అయితే, ఒకటి 320 కేబీపీఎస్ నాణ్యతలో, మరొకటి 128లో ఉన్నా నాకు వందకు నాలుగైదు బిట్లు కూడా తేడా రాలేదు.

```
fpcalc -raw -length 0 pata.mp3
```

-length 0 అని ఎందుకు రాశానో చెప్పాలి. ఏమీ చెప్పకపోతే అది మొదటి 120 సెకన్లే వింటుంది. మన దగ్గర అది ప్రమాదం. ఒకే సినిమా పాట తెలుగులోనూ హిందీలోనూ ఉంటే వాయిద్యం ఒకటే, గొంతు వేరు. పల్లవికి ముందు నలభై సెకన్ల సంగీతం ఉన్న అలాంటి జంటకు తేడా వందకు పద్దెనిమిదే వచ్చింది. ఎంత తేడా వరకు ఒకే పాట అనుకోవాలో ఆ హద్దును కాస్త వదులుగా పెడితే ఏదో ఒక భాష పాట పోతుంది. గొంతు లేని కరోకేకూ ఇదే గండం. అందుకే పాట మొత్తం తీసి, చరణాల దగ్గర తేడా ఎంతో విడిగా చూడాలి.

పాట మొదట్లో ఖాళీ ఉన్నా చిక్కే. మా దగ్గర ఒక పాటకు ఒక ప్రతిలో ఒకటిన్నర సెకన్ల నిశ్శబ్దం ఉంది. ఉన్నదున్నట్టు పోలిస్తే పరాయి పాటలాగే కనిపించింది. ఒకదాన్ని పన్నెండు సంఖ్యలు జరిపి పోల్చగానే రెండూ అతుక్కున్నాయి. మంచి ప్రోగ్రాం ఈ జరపడం తనే చేస్తుంది. వేగం తేడా ఉన్న క్యాసెట్ పాటలకు మాత్రం క్రోమాప్రింట్ పనిచేయదు. టేపు వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి దాదాపు అర్ధస్వరం పైకి పోతుంది, దాంతో ముద్ర మారిపోతుంది. అవి చెవితో తేల్చుకోవలసినవే.

కాబట్టి ఎవరు ఏ ప్రోగ్రాం అమ్మినా డబ్బు కట్టకముందు ఒక ఫోల్డరులో కొన్ని ఫైళ్లు వేసి చూడండి. మొదట ఒక పాట, దాని పక్కన పేరు, ట్యాగులు, నాణ్యత మూడూ మార్చిన దాని ప్రతి. ఆ ప్రతి ffmpeg అనే ఉచిత ప్రోగ్రాంతో ఇలా తయారవుతుంది:

```
ffmpeg -i pata.mp3 -vn -map_metadata -1 -b:a 128k abcd.mp3
```

ఈ రెండింటినీ జంటగా చూపకపోతే అది పాట వినడం లేదు. తర్వాత రెండు ఉపఫోల్డర్లలో Track 01.mp3 పేరుతో రెండు వేర్వేరు పాటలు పెట్టండి. వాటిని జంటగా చూపితే పేరు చూసి మోసపోతోంది. చివరగా ఒకే పాట రెండు భాషల ప్రతులు. ఇక్కడ తడబడినా క్షమించవచ్చు, కానీ ఎంత శాతం పోలిక అన్నది చూపాలి, తీసేయకుండా వేరే ఫోల్డరుకు తరలించే వీలు ఉండాలి. నేను కొన్నదానిలో ఆ రెండూ లేవు, రీసైకిల్ బిన్‌లోకి కూడా పంపలేదు.

పోయిన వాటిలో చాలావరకు పాతపట్నంలో మా బావ దగ్గరున్న పాత కాపీ నుంచి తిరిగి వచ్చాయి. “నేను ఉంచానని నవ్వేవాడివి కదా” అని ఒక పూట వాయించాడు. ఆ కాపీ తీశాక చేరిన రెండు వందల పైచిలుకు పాటలు రాలేదు, అప్పగింతల పాట కూడా అందులోనే పోయింది.

డబ్బు వెనక్కి ఇవ్వలేదు. లైసెన్సు సంఖ్య వాడేశాక వాపసు లేదని షరతుల్లో రాసి ఉందట. వాళ్ల ట్రయల్ మొదటి యాభై జంటలు మాత్రం చూపిస్తుంది. నేను చెప్పిన పరీక్షకు అది చాలు.