ముక్కుపుడక: రాయి ముందుంటుంది, బాధంతా వెనకుంటుంది

ఆరేళ్లలో నా కుడి ముక్కుకు నాలుగు రకాల వెనకభాగాలు పెట్టి చూశాను. మర, చుట్టతీగ, ముడిపుల్ల, ఎల్ వంపు. ఇప్పుడున్నది ఎల్ వంపు, 20 గేజ్, 22 క్యారెట్ల బంగారం. రెండేళ్లుగా దీన్ని రాత్రింబవళ్లు తీయకుండా పెట్టుకుంటున్నాను. మిగతా మూడూ ఎందుకు తీసేశానో చెప్తాను. షాపులో మనకు ముందున్న రాయినే చూపిస్తారు. లోపల చర్మానికి ఏది తగులుతుందో ఎవరూ చెప్పరు.

మొదట మరతోనే తిప్పలు పడ్డాను. పెళ్లికి ముందు అవుసులాయన దగ్గర సన్న బంగారు తీగతో ముక్కు కుట్టించారు. మూడు వారాలకే, పుండు ఇంకా పచ్చిగా ఉండగానే, అత్తమ్మ పెట్టిన తెల్లరాయి పుడక వేసుకున్నాను. దానికి వెనక చిన్న బిళ్ల ఉంటుంది, తిప్పి బిగించాలి. బంగారం కదా, ఎక్కడ పడిపోతుందోనని టెన్షన్. రోజూ ముఖం కడిగినప్పుడల్లా ఇంకో చుట్టు బిగించేదాన్ని. కొత్తగా కుట్టిన ముక్కు వాస్తుంది. వాచిన చర్మానికి ముందు రాయి, వెనక బిళ్ల రెండూ నొక్కుకుంటే గాలి ఆడదు, రసి బయటికి రాదు. పది రోజులకు రంధ్రం పక్కన ఎర్రగా కంది గింజంత కాయ లేచింది. పదిహేనో రోజు వేలు పెట్టి చూస్తే బిళ్ల తగల్లేదు. ఊడిపోయిందనుకున్నాను. ఊడలేదు, చర్మం దాని మీదికి పెరిగి కప్పేసింది. చెవి, ముక్కు, గొంతు డాక్టర్ మత్తు ఇచ్చి తీయాల్సి వచ్చింది.

ఆ రంధ్రం పూడిపోయింది. నాలుగు నెలలు ఆగి, హైదరాబాద్‌లో పియర్సింగ్ చేసేచోట మళ్లీ కుట్టించుకున్నాను. అక్కడ పెట్టింది బంగారం కాదు, శరీరంలో ఇంప్లాంట్లకు వాడే రకం టైటానియం. లోపల సమతలంగా ఒక చదును బిళ్ల ఉంటుంది, రాయి ముందు నుంచి దాని పుల్లలోకి దిగి పట్టుకుంటుంది. వాపుకు చోటుండాలని పుల్లను కావాలనే కాస్త పొడుగ్గా పెట్టారు. వాపు తగ్గాక, నాకు ఆరు వారాలకు, పొట్టి పుల్ల మార్చారు. ఇది మరిచిపోవద్దు. పొడుగు పుల్ల అలాగే ఉంటే టవల్‌కో చున్నీకో తట్టుకుని ఊగుతుంది, ఆ ఊగుడుకే మళ్లీ కాయ లేస్తుంది. పసుపు, కొబ్బరినూనె, వేడి ఉప్పునీళ్ల కాపడం అన్నీ మానేశాను. రోజుకు రెండుసార్లు స్టెరైల్ సెలైన్ చల్లి, శుభ్రమైన గాజుగుడ్డతో అద్దడం, అంతే. తెల్లటి పొర ఎండి అంటుకుంటే భయపడక్కర్లేదు, అది మానేటప్పుడు వచ్చే రసి. వేడిగా, ఎర్రదనం పక్కకు పాకుతూ, చిక్కటి పచ్చ చీము వస్తేనే డాక్టర్ దగ్గరికి పోవాలి. అప్పుడు పుడకను మీరే పీకేయకండి. రంధ్రం మూసుకుని చీము లోపలే చిక్కుకుంటుంది.

పైకి రెండు నెలల్లోనే మానినట్టు కనిపించింది. కానీ రంధ్రం లోపలి చర్మం గట్టిపడటానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలలంటారు, కొందరికి ఏడాది కూడా పడుతుంది.

గేజ్ విషయం నేను తిరగేసి అర్థం చేసుకున్నాను. నంబర్ పెరిగితే తీగ సన్నబడుతుంది. 18 అంటే 1 మిల్లీమీటరు, 20 అంటే 0.8, 22 అంటే సుమారు 0.64. నాది 18 గేజ్‌తో కుట్టారు. అది మానాక సన్నగా అందంగా ఉందని 22 గేజ్ పుడక కొన్నాను. పెద్ద రంధ్రంలో సన్న తీగ ఊరికే తిరుగుతుంది, రాయి ఒకవైపు వాలిపోతుంది. పైగా సన్న తీగ ఏ బట్టకో చిక్కుకుంటే చర్మాన్ని కోస్తుంది. నాలుగు వారాలకు 20 గేజ్ పుడక పెట్టబోతే దూరలేదు, అంతలోనే రంధ్రం బిగుసుకుపోయింది. నొక్కి తోయకుండా మళ్లీ పియర్సర్ దగ్గరికే పోయాను. మన దగ్గర దుకాణంలో గేజ్ అంటే ముఖం చూస్తారు, 'సన్న తీగనా, లావు తీగనా' అని అడుగుతారు. సరిపోయే పాత పుడకను వెంట తీసుకుపోయి, వెర్నియర్‌తో కొలవమనండి.

ఆన్‌లైన్‌లో 'నోస్ స్క్రూ' అని ఉంటే మన మర అనుకుని కొన్నాను. వచ్చింది చివర సున్నాలా చుట్టిన తీగ. అక్కడ స్క్రూ అంటే అదే. బిళ్ల లేదు కాబట్టి నొక్కుకోదు, మంచిదే. కానీ ఆ చుట్టకు కుడి, ఎడమ తేడా ఉంటుంది. నాకు ఎడమది పంపారు, తోక ముక్కు లోపలి గోడకు గుచ్చుకుంది. తీసేటప్పుడు దాన్ని మెలితిప్పాలి, ఆ విద్య నాకు సరిగ్గా రాలేదు.

ముడిపుల్ల తిన్నటి పుల్లే, చివర మాత్రం చిన్న గుండు ఉంటుంది. పెట్టడం ఒక్క నొక్కు. మా ఇల్లు వరంగల్‌లో ఎనుమాముల మిర్చి మార్కెట్‌కు దగ్గర. మిర్చి సీజన్‌లో వీధంతా ఘాటు, తుమ్మి తుమ్మి చచ్చినా ఇది ఊడలేదు. ఈ ఒక్క విషయంలో దానికే ఫస్ట్ మార్కు. కానీ తీసేటప్పుడు పుల్లకన్నా లావున్న గుండు రంధ్రాన్ని చీల్చుకుంటూ రావాలి. ప్రతిసారీ ఒక నెత్తుటి చుక్క, రెండు రోజుల మంట. మానని ముక్కుకు దీన్ని ఎవరైనా అమ్మితే కొనకండి.

ఎల్ వంపు మాత్రం తుమ్ముకు రెండుసార్లు ఊడింది. తప్పు వంపుది కాదు, పొడుగుది. రాయి నుంచి వంపు దాకా 8 మిల్లీమీటర్లుంది, నా ముక్కు మందానికి అది ఎక్కువ. ఊగి ఊగి వంపు పక్కకు తిరిగి జారేది. తర్వాత 5.5 ఉన్నది పెడితే రాయి చర్మంలో దిగబడి చుట్టూ ఎర్రగీత పడింది. 6.5 సరిపోయింది. పెట్టాక రాయిని కాస్త పైకి లాగితే గోరు మందం సందు కనిపించాలి, వదిలితే చర్మానికి ఆనాలి. అవుసులాయన వంపును లంబకోణం కన్నా కొంచెం లోపలికి మడిచాడు. ఆ తర్వాత మిర్చి ఘాటుకు కూడా ఇది కదల్లేదు.

అత్తమ్మ పెట్టిన తెల్లరాయి పుడకను పెట్టెలో పెట్టడం ఇష్టంలేక ఆ అవుసులాయన దగ్గరికే తీసుకుపోయాను. మరను వేలితో తిప్పి చూసి, "చెల్లె, దీని చుట్లు అరిగినయ్. ఇగ ఎంత బిగించినా నిద్రల ఊడుతది. గొంతులకు పోతే పర్లే, ఊపిరిల పోతే పరేషాన్" అన్నాడు. రాయి విప్పి, మర పుల్ల కోసి, 0.8 తీగ అతికి 6.5 దగ్గర వంచి, రాయిని మళ్లీ పొదిగాడు. విడిపోయిన బిళ్లను కాగితంలో మడిచి చేతికిచ్చాడు. అత్తమ్మకు చూపిస్తే నిట్టూర్చి, "రాయి అదే కదా, సరే" అంది.