గదంతటికీ ఒకే వీపీఎన్: ట్రావెల్ రౌటర్‌తో నా అనుభవం

జేబులో పట్టేంత ట్రావెల్ రౌటర్ ఒకటి కొన్నేళ్లుగా నా బ్యాగులో ఉంటోంది. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ తరహా రౌటర్లలో చాలావాటి లోపల ఉండేది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేరే కాబట్టి, నేను చెప్పేది వాటికీ దాదాపు వర్తిస్తుంది. హోటల్ వైఫైని అది అందుకుని, గదిలో తన సొంత వైఫై ఇస్తుంది. ఇంట్లో ఉన్న వైఫై పేరు, పాస్‌వర్డే దీనికీ పెట్టాను. అందుకే ల్యాప్‌టాప్, ఫోన్లు, పిల్లల ట్యాబ్, టీవీ స్టిక్ వాటంతటవే కనెక్ట్ అవుతాయి. గదికి మూడు డివైజ్‌లే అనే హోటల్లో కూడా లెక్కలోకి వచ్చేది రౌటర్ ఒక్కటే.

గదిలోని ట్రాఫిక్ హోటల్‌కు కనపడకుండా దాచే వీపీఎన్ కోసం ముంబైలో ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టాను. హైదరాబాద్‌లో ఇంటి ఫైబర్ మీదే పెట్టుకోవచ్చు కదా అంటారు. కానీ ఇక్కడి చాలా ఇంటి కనెక్షన్లలో ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమంది పంచుకుంటారు (సీజీనాట్). బయటి నుంచి మన రౌటర్‌ను చేరుకోవాలంటే విడిగా స్టాటిక్ ఐపీ కొనాలి. రౌటర్‌లో వేసిన ప్రొఫైల్ ఇది, ఐపీ మాత్రం నమూనాకి:

```
[Interface]
PrivateKey = ...
Address = 10.66.0.2/32
DNS = 10.66.0.1
MTU = 1280

[Peer]
PublicKey = ...
Endpoint = 203.0.113.10:443
AllowedIPs = 0.0.0.0/0, ::/0
PersistentKeepalive = 25
```

పోర్టు 443 ఊరికే పెట్టింది కాదు. వైర్‌గార్డ్ నడిచేది యూడీపీ మీద. మామూలుగా వాడే 51820ని కొన్ని హోటళ్లు ఆపేస్తాయి. బ్రౌజర్లు కూడా ఇప్పుడు యూడీపీ 443 వాడుతున్నాయి కాబట్టి దాన్ని ఆపేవాళ్లు తక్కువ. ఎంటీయూ అంటే ఒక్కో ప్యాకెట్‌కు ఉండే గరిష్ఠ సైజు, దాన్ని తగ్గించడానికీ కారణం ఉంది. చిన్న పేజీలు తెరుచుకుని, పెద్దవి సగంలో ఆగిపోతుంటే తప్పు సాధారణంగా అక్కడే ఉంటుంది.

అసలు తలనొప్పి హోటల్ లాగిన్ పేజీతో. మన దగ్గర చాలా హోటళ్లలో ఫోన్ నంబరు కొట్టి, ఓటీపీ ఇస్తే కానీ నెట్ రాదు. వీపీఎన్ దాటి ఏదీ బయటికి పోకూడదని రౌటర్‌లో కిల్ స్విచ్ వేసి ఉంచితే, ఆ లాగిన్ పేజీ కూడా రాదు. పేజీ రాకపోతే నెట్ లేదు, నెట్ లేకపోతే వీపీఎన్ లేదు. అందుకే హోటల్ గదిలోకి వెళ్లగానే నా వరుస ఇలా ఉంటుంది. ముందు మిగతా డివైజ్‌ల వైఫై ఆపేస్తాను. రౌటర్ పక్కన ఉన్న బటన్‌తో వీపీఎన్, కిల్ స్విచ్ రెండూ ఆపి, ఒక్క ఫోన్‌ను కలిపి, ఎన్‌క్రిప్షన్ లేని http://neverssl.com తెరుస్తాను, అలాంటి పేజీనైతే హోటల్ తన లాగిన్ పేజీ వైపు మళ్లించగలదు. లాగిన్ పేజీ వస్తుంది, ఓటీపీ కొడతాను. హోటల్ గుర్తుపెట్టుకునేది రౌటర్ మ్యాక్ అడ్రస్‌నే. ఆ తర్వాత బటన్ మళ్లీ వేస్తే గది మొత్తం వీపీఎన్ టన్నెల్‌లోకి వెళ్తుంది.

పేజీ రాకపోతే రెండు చోట్ల చూస్తాను. సైట్ పేరును ఐపీగా మార్చేది డీఎన్ఎస్. రౌటర్‌లో హోటల్‌ది కాకుండా 1.1.1.1 లాంటి డీఎన్ఎస్‌నే వాడమని పెట్టి ఉంటే, హోటల్ లోపల మాత్రమే తెలిసే పేజీ పేరు దొరకదు. పేరుకు లోపలి ఐపీ జవాబుగా వస్తే తోసిపుచ్చే డీఎన్ఎస్ రీబైండింగ్ రక్షణ ఆన్‌లో ఉన్నా అంతే, ఎందుకంటే ఆ పేజీ ఉండేది తరచూ 10.x లాంటి లోపలి ఐపీ మీద. రెండూ కాసేపు ఆపితే సరిపోతుంది.

చాలా హోటళ్లలో ఆ లాగిన్ గడువు ఒక రోజే. మర్నాడు ఆఫీసు కాల్ మధ్యలో అన్నీ ఒక్కసారిగా ఆగుతాయి, ఫోన్‌లో లాగిన్ పేజీ కూడా కనపడదు. రౌటర్‌లో `wg show` కొడితే విషయం తేలుతుంది. sent పెరుగుతూ received కదలకపోతే, latest handshake పాతబడిపోతే, లాగిన్ గడువు అయిపోయినట్టే అనుకుని బటన్ ఆపి మళ్లీ ఓటీపీ కొడతాను. లాగిన్ అయ్యాక కూడా అలాగే ఉంటే హోటల్ యూడీపీని పూర్తిగా ఆపినట్టు. అప్పటికోసం టీసీపీ 443 మీద నడిచే ఓపెన్‌వీపీఎన్ ప్రొఫైల్ ఇంకొకటి ఉంచాను. వేగం బాగా తగ్గుతుంది కానీ పని నడుస్తుంది.

స్పీడ్ విషయంలో మరీ ఆశ పెట్టుకోకండి. ఒకే బ్యాండ్‌లో హోటల్ సిగ్నల్ తీసుకుంటూ అందులోనే మనకు ఇస్తే దాదాపు సగం పోతుంది. హోటల్‌ది 2.4లో, మనది 5 గిగాహెర్ట్జ్‌లో పెడితే కొంత నయం. టేబుల్ వెనక నెట్ సాకెట్ పనిచేస్తుంటే ఇంకా మంచిది, అందుకే ఒక పొట్టి లాన్ కేబుల్ ఎప్పుడూ తీసుకెళ్తాను. టీవీ స్టిక్ మాత్రం టన్నెల్ బయటే. డేటా సెంటర్ ఐపీ కనపడితే కొన్ని ఓటీటీలు సినిమా వేయవు. అందుకే వీపీఎన్ పాలసీలో దాని మ్యాక్‌ను మినహాయించాను. మన బ్యాంకు యాప్‌లు కూడా అప్పుడప్పుడు ఇలాగే మొండికేస్తాయి, వాటికి మొబైల్ డేటానే వాడతాను.

ఇంత చేసినా ఇది కాపాడేది హోటల్ నెట్‌వర్క్ నుంచి మాత్రమే. మనం ఏ సైట్లు చూస్తున్నామో హోటల్‌కు తెలియదు, పక్క గదివాళ్లకు మన డివైజ్‌లు కనపడవు. ముంబై సర్వర్ దాటాక ట్రాఫిక్ మామూలుగానే వెళ్తుంది. ఒక ఫోన్, ఒక ల్యాప్‌టాప్‌తో తిరిగేవాళ్లు దీన్ని కొనడం దండగ, ఆ రెంటిలో వైర్‌గార్డ్ యాప్ వేసుకుంటే చాలు. కుటుంబంతో వెళ్లేవాళ్లు, యాప్ వేయడానికి వీల్లేని డివైజ్‌లు ఉన్నవాళ్లు కొనొచ్చు. కొనేటప్పుడు పక్కన ఆ బటన్ ఉందో లేదో మాత్రం చూసుకోండి.