రాత్రి కాల్ మేలా, రాసిపెట్టిన హ్యాండోవర్ మేలా?

కాకినాడలోనో భీమవరంలోనో కూర్చుని అమెరికా క్లయింటుకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న జట్లకు ఈ ప్రశ్న తప్పదు. రోజూ రాత్రి ఒక గంట కాల్ పెట్టుకుని అవతలి జట్టుతో మాట్లాడాలా? లేక పని ముగించే ముందు అది ఎక్కడిదాకా వచ్చిందో రాసి అప్పగించాలా? నా మొగ్గు రాతవైపే. అయితే కాల్‌తో తప్ప తేలని పనులు కొన్ని ఉన్నాయి, వాటి సంగతీ చెబుతాను.

అవతలి జట్టు డాలస్‌లో ఉందనుకుందాం. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది, మిగతా నెలల్లో పదకొండున్నర గంటలు. అంటే వాళ్లు ఉదయం 8కి ఆఫీసుకు వచ్చేసరికి మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. మనం 9 నుంచి 6 వరకు పనిచేస్తే రెండు జట్లూ కలిసి ఉండే వేళ ఒక్క నిమిషం కూడా లేదు. లండన్ జట్టుతో ఈ చిక్కు రాదు. వాళ్ల ఉదయం 9 మనకు మధ్యాహ్నం 1:30 లేదా 2:30 కాబట్టి రోజూ మూడు గంటలకు పైగా కలిసి పనిచేయవచ్చు. అక్కడ కాల్‌కే ఓటు వేస్తాను.

డాలస్‌తో రోజువారీ కాల్ అంటే వాళ్ల ఉదయం 9కి, మన రాత్రి 7:30కి. నవంబరులో అది 8:30 అవుతుంది. క్యాలెండర్‌లో ఆహ్వానాన్ని America/Chicago సమయంతో పెడితే ఆ గంట మనవైపు జరుగుతుంది, Asia/Kolkata తో పెడితే వాళ్లవైపు జరుగుతుంది. చాలా జట్లు ఈ నిర్ణయం తీసుకోకుండానే క్లయింటు పంపిన ఆహ్వానాన్ని అంగీకరిస్తాయి. కాకినాడ నుంచి రామచంద్రపురానికి బస్సులో ఇల్లు చేరే అమ్మాయికి ఆ గంట చాలా పెద్దది. ఇంటి నుంచే కాల్‌లో చేరవచ్చు నిజమే, కానీ పిల్లలకు అన్నం పెట్టే వేళలో రోజూ హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చోమనడం న్యాయం కాదు. అందులోనూ ఆ కాల్‌లో ఒకరి తర్వాత ఒకరు టికెట్లు చదవడం తప్ప ఏ నిర్ణయమూ జరగకపోతే, ఆ గంట ఎవరికీ పనికిరాలేదన్నట్టే.

ఇక రాత విషయం. మా జట్టులో అమలాపురం కుర్రవాడు అడిగాడు: “కాల్‌లో చెప్పేస్తే అయిపోతుంది కదండీ, ఇంత రాయడం ఎందుకు?” అతనికి నేను చూపించిన ఉదాహరణే ఇక్కడా చెబుతాను.

బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో పన్ను ఒక సెంటు తేడా వస్తోంది. డాలస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం. 1.99 డాలర్ల వస్తువులు మూడు కొంటే, ఒక్కో వస్తువుకు విడిగా లెక్కించి సవరిస్తే పన్ను 48 సెంట్లు, మొత్తం మీద లెక్కిస్తే 49. ఇక్కడి డెవలపర్ దీన్ని సరిచేసి మంగళవారం సాయంత్రం టికెట్‌లో “రౌండింగ్ సమస్య పరిష్కరించాను, చూడండి” అని రాసి ఇంటికి వెళ్లాడు. డాలస్ టెస్టర్ ఉదయం 9కి, అంటే మన 7:30కి, “ఏ బ్రాంచ్? డిస్కౌంట్ ఉన్న బిల్లులు కూడా చూశారా?” అని అడిగింది. మనవాడు అది బుధవారం ఉదయం చూసి రెండు నిమిషాల్లో జవాబిచ్చాడు. అప్పటికి డాలస్‌లో మంగళవారం రాత్రి 10:30. ఆమె దాన్ని చదివింది మన బుధవారం సాయంత్రం. రెండు నిమిషాల జవాబుకు ఒక రోజు పోయింది. ఆమెకు ఇంకో అనుమానం వస్తే ఇంకో రోజు పోతుంది. అదే పని ఇలా రాసి ఉంటే:

“డాలస్ టెస్టర్ గారికి. బ్రాంచ్ fix/tax-rounding. పన్నును ఇప్పుడు బిల్లు మొత్తం మీద లెక్కిస్తున్నాం. మూడు వస్తువుల బిల్లుతో పరీక్షించాను, సరిపోయింది. డిస్కౌంట్ బిల్లు పరీక్షించలేదు, అది మీరు చూడాలి. ధరల పట్టికను మార్చవద్దు, దానిపై పని సగంలో ఉంది. ప్రశ్న: వాపసు బిల్లులకూ ఇదే లెక్కా? భారత సమయం బుధవారం ఉదయం 9 (డాలస్ మంగళవారం రాత్రి 10:30) లోపు జవాబు రాకపోతే ఇదే లెక్క అనుకుని మొదలుపెడతాను. కాదంటే వెనక్కి తీయడం తేలిక.”

ఈ నోట్ ‘ఈ రోజు నేను ఏం చేశాను’ అని మేనేజర్‌కు చెప్పుకునే నివేదిక కాదు. తర్వాత ఈ పని అందుకునే ఒక మనిషిని ఉద్దేశించి రాసింది. జట్టంతటికీ పంపే రోజువారీ అప్‌డేట్‌కూ హ్యాండోవర్‌కూ తేడా అదే. సమయం ఎప్పుడూ రోజుతో, ఊరితో కలిపి రాయాలి. “రేపు”, “ఈ రాత్రి” అంటే రెండు ఊళ్లలో రెండు అర్థాలు. అన్నిటికన్నా విలువైనది ‘జవాబు రాకపోతే’ అన్న వాక్యం, అది ఉంటే పని ఆగదు. అయితే వెనక్కి తీయగలిగిన పనులకే దాన్ని వాడాలి. డేటా చెరిపేయడం, కస్టమర్ల డబ్బు కదిలించడం, రిలీజ్ చేయడం వంటి చోట్ల జవాబు రాకపోతే ఆగిపోవాలి.

మన ప్రాంతంలో రాతకు ఇంకో బలం ఉంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి రోజు కరెంటు, ఇంటర్‌నెట్ ఉంటాయన్న నమ్మకంతో రాత్రి కాల్ పెట్టుకోలేం. మధ్యాహ్నమే నోట్ పంపిన జట్టు పని మాత్రం డాలస్‌లో నడుస్తుంది. అందుకే సాయంత్రం దాకా ఆగకుండా, పని సాగుతున్న కొద్దీ నోట్ రాస్తూ ఉండమంటాను.

రాతకు ఖర్చూ ఉంది. శ్రద్ధగా రాస్తే పావుగంట నుంచి అరగంట పడుతుంది, అందుకు సమయం పనివేళల్లోనే ఇవ్వాలి. చురుగ్గా మాట్లాడేవారిలో కొందరు ఇంగ్లీషులో రాయడానికి వెనకాడతారు. వారికి ముందే శీర్షికలు పెట్టిన ఫారం ఇస్తే బెరుకు తగ్గుతుంది.

కాల్ గెలిచే చోట్లు కూడా చెప్పాలి. క్లయింటుకు కావలసింది క్లయింటుకే స్పష్టంగా లేనప్పుడు, డిజైన్ మీద ఇద్దరికి పడనప్పుడు, నడుస్తున్న సిస్టమ్ కూలినప్పుడు రాస్తూ కూర్చోకూడదు. ఒకే టికెట్‌లో ప్రశ్నా జవాబూ రెండుసార్లు తిరిగినా విషయం తేలకపోతే మూడోసారి రాయకుండా మాట్లాడమంటాను. కొత్త ప్రాజెక్టు మొదటి రెండు వారాలు రోజూ కాల్ ఉండాల్సిందే. ఒకరి గొంతు ఒకరు వినని జట్టులో పొడిగా రాసిన వాక్యం కూడా కోపంలా వినిపిస్తుంది.

తర్వాత వారానికి రెండు కాల్స్ చాలు, ఒక్కోటి అరగంట. ఒకటి వాళ్ల ఉదయం 8కి పెడితే, రెండోది మన ఉదయం 8కి పెట్టాలి. అప్పుడు డాలస్‌లో ముందు రోజు రాత్రి 9:30, చలికాలంలో 8:30. ఇది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. అడిగితే ఒప్పుకునే క్లయింట్లు ఉన్నారు. కాల్‌లో తేలిన నిర్ణయాన్ని మాత్రం అదే గంటలో టికెట్‌లో రాయాలి, లేకపోతే ఆ కాల్‌కు రానివాడు మరుసటి రోజు పాత లెక్కతోనే పని మొదలుపెడతాడు.