మీ రెజ్యూమే చూడకుండానే దాన్ని బాగుచేసి ఇస్తామనే వాళ్ళతో జాగ్రత్త

తిరుపతి, చిత్తూరు వైపు ఉద్యోగాలు వెతుక్కుంటున్న పిల్లలకూ, వాళ్ళ కోసం డబ్బులు కట్టే ఇంట్లోవాళ్ళకూ ఈ పోస్టు. "ఏ జాబ్ కావాలో చెప్పండి చాలు, రెజ్యూమే ఇంప్రూవ్ చేసి ఇస్తాం" అని ఎవరైనా అంటే, మీ దగ్గరున్న పాత రెజ్యూమే వాళ్ళు అడిగారా లేదా అన్నది ముందు చూడండి. అడగకుండానే పేమెంట్ దగ్గరికి వచ్చేస్తే అక్కడే ఆగిపోండి. మా అక్క కొడుక్కి ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్తాను. పేరు పెట్టను గానీ, వాళ్ళు పనిచేసే తీరు తెలిస్తే మీరే గుర్తుపడతారు.

మావాడు మెకానికల్ డిప్లొమా చేశాడు. శ్రీసిటీలో ప్లాస్టిక్ భాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఏడాదికి పైగా క్వాలిటీ ట్రైనీగా ఉన్నాడు. రేణిగుంట వైపు క్వాలిటీ ఇంజనీర్ పోస్టులు పడుతున్నాయని తెలిసి, బాలాజీ కాలనీలో రూమ్‌లో ఉండే స్నేహితుడు ఇచ్చిన ఒక వాట్సాప్ నంబరుకి మెసేజ్ పెట్టాడు. "సార్, క్వాలిటీ ఇంజనీర్ జాబ్‌కి నా రెజ్యూమే ఇంప్రూవ్ చేయాలి." అంతే, ఫైలు జతచేయలేదు. కొత్త చోట ముందు మాట్లాడి, అడిగాక పంపుదామనుకునే వాళ్ళు చాలామంది ఉంటారు, అందులో తప్పేమీ లేదు. తప్పు అవతలి వాళ్ళది. "ఓకే సార్. పేరు, ఫోన్ నంబర్, మెయిల్ ఐడీ, చదువు పంపండి. 799 పే చేసి స్క్రీన్‌షాట్ పెట్టండి" అని జవాబు. పాత రెజ్యూమే పంపాలా అని వీడే అడిగితే, "అవసరం లేదు సార్, అన్ని రోల్స్‌కీ మా దగ్గర రెడీగా ఉంటాయి" అన్నారు. ఆ 'రెడీగా ఉంటాయి' అన్న మాటలోనే అసలు సంగతంతా ఉంది.

సాయంత్రానికల్లా రెండు పేజీల పీడీఎఫ్ వచ్చింది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఎడమ పక్క నీలం రంగు పట్టీ, నైపుణ్యాలకి చుక్కల రేటింగు, అడుగున 'ఏటీఎస్ స్కోర్ 98' అని ముద్ర. లోపల ఏముందంటే (అసలు ఇంగ్లీషులో ఉంది, నేను తెలుగులో చెప్తున్నాను): పీపీఏపీ డాక్యుమెంట్లు సొంతంగా తయారు చేశాడట. ఐదుగురు ఇన్‌స్పెక్టర్ల బృందాన్ని నడిపాడట. రిజెక్షన్లు 35 శాతం తగ్గించాడట. సిక్స్ సిగ్మా గ్రీన్ బెల్ట్ అనే క్వాలిటీ సర్టిఫికెట్ ఉందట. వీటిలో ఒక్కటీ వాడు చేసింది కాదు. పనిచేసిన కంపెనీ పేరు ఉండాల్సిన చోట 'కంపెనీ పేరు' అని ఖాళీగా వదిలేశారు. "మీ కంపెనీ పేరు అక్కడ వేసుకోండి, మిగతాది ఏమీ మార్చొద్దు, స్కోర్ పడిపోతుంది" అని పైగా ఒక సలహా.

వాడు కంపెనీ పేరు వేసుకుని పంపాడు. పిలుపు కూడా వచ్చింది. అందుకే ఇలాంటి ఫైళ్ళని మంచివనుకుని ఇంకో పదిమందికి చెప్తారు. పిలుపు దాకా అవి పనిచేస్తాయి, దెబ్బ తగిలేది ఎదురుగా కూర్చున్నాక. ఇంటర్వ్యూ చేసినాయన రెజ్యూమే చేతిలో పెట్టుకుని ఆ లైన్లే ఒక్కొక్కటీ అడిగాడు. "పీపీఏపీ ఏ లెవెల్ సబ్మిట్ చేశారు?" కొత్త భాగం మొదలుపెట్టే ముందు కస్టమర్‌కి ఇచ్చే ఆ కాగితాల కట్టలో ఐదు లెవెల్స్ ఉంటాయి. ఒక్కసారైనా ఆ పని చేసినవాడికి ఇది నోటి చివర ఉండే జవాబు. మావాడికి ఆ మాటే కొత్త. తర్వాత, "రిజెక్షన్ 35 శాతం తగ్గిందన్నారు, ఎంత నుంచి ఎంతకి తగ్గింది? ఏ పార్ట్‌లో? ఏం మార్చారు?" దానికీ జవాబు లేదు. చివరికి ఆయన, "బాబూ, ఇది నువ్వు రాసుకుంది కాదు కదా" అన్నాడట. వాడు ఇంటికొచ్చి, "వాళ్ళు నా రెజ్యూమే చూడనే లేదు మామా, నా గురించి అన్నీ ఎట్లా రాసినారు?" అన్నాడు. సరైన ప్రశ్న అది. డబ్బు కట్టకముందే ప్రతి కొనుగోలుదారూ అడగాల్సిన ప్రశ్న.

ఉద్యోగం పేరు ఒక్కటే తెలిసినప్పుడు ఎవరికైనా ఏం తెలుస్తుంది? ఆ పోస్టు ప్రకటనల్లో మామూలుగా ఏ మాటలు వస్తాయో తెలుస్తుంది. ఏ శీర్షికల కింద ఏం రాయాలో ఒక ఖాళీ నమూనా ఇవ్వవచ్చు. అభ్యర్థిని అడగాల్సిన ప్రశ్నల జాబితా ఇవ్వవచ్చు. నిజాయతీగా అంతవరకే సాధ్యం. మనిషి ఏం చేశాడో, ఎన్నాళ్ళు చేశాడో, ఏ పనిముట్టు పట్టుకున్నాడో తెలియకుండా 'అనుభవం' కింద ఒక్క లైను రాసినా అది కల్పితమే. బాగుచేయడం అంటే ఉన్నదాన్ని మెరుగుపరచడం. ఉన్నదేమిటో చూడకుండా ఇచ్చేది వేరొకరి జీవితం, పైన మీ పేరు.

ఆ ఏటీఎస్ స్కోరు సంగతి కూడా కాస్త చెప్పాలి, పిల్లలు ఎక్కువగా పడిపోతున్నది దానికే. ఏటీఎస్ అంటే కంపెనీలకు వచ్చిన దరఖాస్తులను సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్. ఒక్కో కంపెనీ ఒక్కోటి వాడుతుంది. అన్నిటికీ కలిపి చెల్లే మార్కు అంటూ ఏదీ లేదు. పోల్చి ఇచ్చే మార్కయినా ఒక ఫలానా ప్రకటనకీ, ఒక ఫలానా రెజ్యూమేకీ మధ్య ఎంత పొంతన ఉందన్నదే. వీళ్ళ దగ్గర ప్రకటనా లేదు, రెజ్యూమే కూడా లేదు. మరి 98 ఎక్కడిది? పైగా ఆ పక్క పట్టీలు, చుక్కల రేటింగులు, బొమ్మల్లో పెట్టిన అక్షరాలు కొన్ని సాఫ్ట్‌వేర్లు సరిగ్గా చదవలేవు. ఒక చిన్న పరీక్ష ఉంది. పీడీఎఫ్‌లో అక్షరాలన్నీ సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. మావాడి ఫైలులో ఫోన్ నంబరు వచ్చి 'భాషలు' అన్న చోట ఇరుక్కుంది, రేటింగు చుక్కలు అసలు రానే లేదు.

ఇప్పుడు సరిగ్గా చేసేవాళ్ళు ఎలా చేస్తారో చెప్తాను. మా ఇంటి దగ్గర, ఫ్యాక్టరీల్లో చాలాకాలం హెచ్ఆర్ పని చేసిన ఒకాయన ఉన్నారు. వాడిని తీసుకెళ్ళి, క్వాలిటీ ఇంజనీర్ పోస్టుకు వెళ్తున్నాడు సార్ అన్నాను. ఆయన మొదటి మాట, "పాతది ఏదప్పా?" ఇంట్లో ఉందంటే, "పోయి తీసుకురా, అది లేకుండా నేనేం చూసేది" అన్నారు. ఆ పోస్టు ప్రకటన కూడా తెమ్మన్నారు. పాత రెజ్యూమేలో ఉన్నది ఒక్క లైను: 'క్వాలిటీ విభాగంలో ట్రైనీగా పనిచేశాను.' దాని మీద ఆయన అడుగుతూ పోయారు. ఏ భాగాలు? పొద్దున షిఫ్ట్ ఎక్కగానే ఏం చేస్తావు? దేంతో కొలుస్తావు? కొలత తప్పితే ఎవరికి చెప్తావు? వీడు సిగ్గుపడుతూనే చెప్పాడు. చివరికి ఆ ఒక్క లైను ఇలా తయారైంది:

'ఇంజెక్షన్ మౌల్డింగ్ భాగాలకు షిఫ్ట్ మొదట్లో ఫస్ట్ పీస్ తనిఖీ; తర్వాత రెండు గంటలకోసారి ఐదేసి పీసులు తీసి వెర్నియర్, మైక్రోమీటర్‌తో కొలిచి రిజిస్టర్‌లో నమోదు. షార్ట్ షాట్, ఫ్లాష్, సింక్ మార్క్ లోపాలను గుర్తించి, ఆ లాట్‌ను హోల్డ్‌లో పెట్టి లైన్ ఇన్‌చార్జికి తెలియజేయడం.'

ఇందులో శాతాలు లేవు, బెల్టులు లేవు. కానీ దీనిమీద ఎవరు ఏం అడిగినా వాడు అరగంట మాట్లాడగలడు. అచ్చు సరిగ్గా నిండకపోతే షార్ట్ షాట్ అనీ, అచ్చు అంచుల్లోంచి ప్లాస్టిక్ పొంగితే ఫ్లాష్ అనీ మాకు వాడే చెప్పాడు. ఇన్నాళ్ళూ వాడికి తెలిసిన పనే, ఎవరూ అడగలేదు కాబట్టి కాగితం మీదికి రాలేదు. ఇంకో మాట కూడా ఆయన మొహమాటం లేకుండా చెప్పారు: "నీ అనుభవానికి క్వాలిటీ ఇంజనీర్ కన్నా క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ పోస్టు సరిపోతుంది, రెండిటికీ పెట్టు." రెజ్యూమే చూసిన మనిషే ఆ మాట చెప్పగలడు.

కాబట్టి ఎవరికైనా డబ్బు కట్టే ముందు, కావాలనే ఉద్యోగం పేరు ఒక్కటే పంపి చూడండి. "ఫైలు రాలేదు, పంపండి" అనో, "రెజ్యూమే లేకపోతే ఈ వివరాలు చెప్పండి" అనో తిరిగి అడిగేవాళ్ళు పని తెలిసినవాళ్ళు. నేరుగా క్యూఆర్ కోడ్ పంపేవాళ్ళు కాదు. ఫైలు చేతికి వచ్చేసి ఉంటే, కంప్యూటర్‌లో దాని ప్రాపర్టీస్ తెరవండి. మావాడి పీడీఎఫ్‌లో టైటిల్ దగ్గర ఇంకెవరిదో పేరు, 'సేల్స్ ఎగ్జిక్యూటివ్' అని ఉంది. అది ఒక్కటే రుజువు కాకపోవచ్చు గానీ, ఖాళీ వదిలిన కంపెనీ పేరుతో కలిపి చూస్తే ఇంక అనుమానం అక్కర్లేదు.

నిజంగానే పాత రెజ్యూమే లేనివాళ్ళు ఉంటారు, ముఖ్యంగా ఇప్పుడే చదువు ముగించినవాళ్ళు. మీరు ఒక తెల్లకాగితం మీద చదువు, సంవత్సరాలు, చేసిన ప్రాజెక్టు, పనిచేసిన చోట రోజూ చేతులతో చేసిన పని తెలుగులోనే రాసి ఫొటో తీసి పంపినా చాలు. ఆధార్ నంబరు మాత్రం ఎవరికీ పంపకండి, రెజ్యూమేకి దానితో పనే లేదు.

అబద్ధపు లైన్లతో ఇంటర్వ్యూ దాటేసినా ఊరట లేదు. చాలా కంపెనీలు చేరే ముందో చేరాకో వెరిఫికేషన్ చేయిస్తాయి. పీఎఫ్ యూఏఎన్ సర్వీస్ హిస్టరీలో ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేశారో ఉంటుంది. సర్టిఫికెట్ నంబరు అడిగితే లేని గ్రీన్ బెల్ట్‌కి ఏం చూపిస్తారు? అప్పుడు ఉద్యోగం పోయేది మీది, 799 తీసుకున్న వాళ్ళది కాదు.

డబ్బు వెనక్కి అడిగితే "డిజిటల్ సర్వీస్, రిఫండ్ ఉండదు" అని నంబరు బ్లాక్ చేశారు. చాట్, యూపీఐ లావాదేవీ నంబరు, వాళ్ళు పంపిన ఫైలు అన్నీ దాచిపెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 లో ఫిర్యాదు నమోదు చేశాం. డబ్బు ఇంకా రాలేదు. మీరూ ఇలాంటి ఫైలు కొని ఉంటే, దానితో పాటు ఇంకో పని వెంటనే చేయండి. జాబ్ సైట్లలో ఆ ఫైలు అప్‌లోడ్ చేసి ఉంటే తీసేసి మీ సొంతది పెట్టండి. ప్రొఫైల్‌లో నైపుణ్యాలు, హెడ్‌లైన్ విడిగా ఉంటాయి కాబట్టి ఫైలు మార్చినంత మాత్రాన అవి మారవు. మావాడి ప్రొఫైల్‌లో గ్రీన్ బెల్ట్ అలాగే ఉండిపోతే నిన్ననే తీయించాను.