జాగ్రత్త: క్లౌడ్ డెస్క్‌టాప్‌లకు సంతకం పెట్టేముందు దూరాన్నీ గంటలనూ లెక్క చూసుకోండి

ఇళ్ల నుంచి పనిచేసే మా సిబ్బంది 40 మందికి క్లౌడ్‌లో వర్చువల్ డెస్క్‌టాప్‌లు, అంటే దూరపు డేటా సెంటర్‌లో నడుస్తూ తెర మాత్రమే ఇంట్లో చూపే కంప్యూటర్లు, తీసుకున్నాము. మూడు నెలలు తిరగకముందే అందులో సగం మందికి మళ్లీ మామూలు ల్యాప్‌టాప్‌లు ఇవ్వవలసి వచ్చింది. అమ్మినవారి పేరు రాయడం లేదు. వారు చెప్పకుండా దాటవేసినవి ఎన్ని ఉన్నాయో, మేము అడగకుండా వదిలేసినవీ దాదాపు అన్నే ఉన్నాయి.

డెమో చూపిన రోజున అంతా చక్కగా నడిచింది. అయితే ఆ డెమో నడిచినది వారి కార్యాలయానికి దగ్గరలో ఉన్న డేటా సెంటర్ మీద అనీ, మాకు కేటాయించినది ధర తక్కువని చూపిన మరో రీజియన్ అనీ, అది మా సిబ్బందికి దాదాపు 5,000 కిలోమీటర్ల దూరంలో ఉందనీ తరువాత తెలిసింది. ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది కాబట్టి, అంత దూరానికి రానూపోనూ కనీసం 50 మిల్లీసెకన్లు పడుతుంది. కేబుల్ తిన్నగా ఉండదు, మధ్యలో రూటర్లు ఉంటాయి. మాకు కొలతలో 110 వచ్చింది. నొక్కిన ప్రతి అక్షరం అక్కడిదాకా వెళ్లి, మారిన తెర బొమ్మగా తిరిగి రావాలి. ఎంత డబ్బు పోసి బ్యాండ్‌విడ్త్ కొన్నా ఈ ఆలస్యం తగ్గదు.

నిజానికి 110తో టైపింగ్ పని నెట్టుకురావచ్చు. మమ్మల్ని ముంచినది మా సొంత వీపీఎన్. సిబ్బంది ఇళ్ల నుంచి వచ్చే ట్రాఫిక్ మొత్తం ముందు కార్యాలయానికి వచ్చి, అక్కడి నుంచి క్లౌడ్‌కు పోయేది. దానితో ఆలస్యం 190కి చేరింది. పైగా పోయిన ప్యాకెట్ కోసం ఆగకుండా డేటా పంపే యూడీపీ పద్ధతిని కార్యాలయ ఫైర్‌వాల్ ఆపేయడంతో డెస్క్‌టాప్ కనెక్షన్ చడీచప్పుడు లేకుండా టీసీపీకి మారిపోయింది. టీసీపీలో ఒక ప్యాకెట్ పోతే, అది మళ్లీ వచ్చేదాకా వెనకనున్నవన్నీ ఆగిపోతాయి. ఇంటి వైఫైలో అప్పుడప్పుడు ప్యాకెట్లు పోవడం మామూలే కనుక, తెర అరక్షణం బిగుసుకుపోయి, తరువాత అక్షరాలన్నీ ఒక్కసారిగా వచ్చి పడేవి. స్పీడ్ టెస్ట్ మాత్రం 80 ఎంబీపీఎస్ చూపేది. సపోర్ట్‌వారు రెండు వారాలపాటు ఇంటర్నెట్ ప్లాన్ పెంచుకోమనే చెప్పారు.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడేవారు సెషన్ లోపలే పవర్‌షెల్‌లో ఇది నడిపి చూడవచ్చు:

```
Get-Counter '\RemoteFX Network(*)\Current TCP RTT','\RemoteFX Network(*)\Current UDP RTT'
```

పని చేస్తూ ఉండగా కూడా యూడీపీ విలువ సున్నా దగ్గరే ఉంటే, మీ కనెక్షన్ టీసీపీ మీద నడుస్తున్నట్టే. మేము డెస్క్‌టాప్ ట్రాఫిక్‌ను వీపీఎన్ నుంచి తప్పించి నేరుగా పంపాక ఆలస్యం 115కి దిగింది, బిగుసుకుపోవడం చాలావరకు పోయింది. మౌస్‌తో గీతలు గీసే డిజైన్ బృందానికి మాత్రం అదీ సరిపోలేదు.

ఇక బిల్లు. గంటల లెక్కన కట్టడమే చవక అని మమ్మల్ని ఒప్పించారు. రోజుకు 9 గంటలు, నెలకు 22 రోజులు అంటే ఒక్కొక్కరికి 198 గంటలు, 40 మందికి 7,920 గంటలు అని అనుకున్నాము. మొదటి నెల బిల్లులో ఉన్నవి 21,752 గంటలు. విడదీసి చూస్తే, 26 యంత్రాలు నెలంతా, అంటే 730 గంటల చొప్పున, నడుస్తూనే ఉన్నాయి.

సాయంత్రం చాలామంది తెర మీది డెస్క్‌టాప్ విండోను మూసేసి వెళ్లిపోతారు. దానితో సెషన్ డిస్‌కనెక్ట్ అవుతుందే తప్ప ముగియదు. సెషన్ ఉన్నంతసేపూ, వాడకాన్ని బట్టి యంత్రాలను నడిపి ఆపే ఆటోస్కేల్ ఆ యంత్రాన్ని వాడుకలో ఉన్నట్టే లెక్కిస్తుంది. స్టార్ట్ మెనూ నుంచి షట్‌డౌన్ చేసిన జాగ్రత్తపరులకూ మేలు జరగలేదు: విండోస్ ఆగింది గాని, హార్డ్‌వేర్ మా పేరనే కేటాయింపులో ఉండిపోయి మీటరు తిరిగింది. క్లౌడ్ కన్సోల్ నుంచో ఆటోమేషన్‌తోనో ఆ కేటాయింపును వదిలేస్తే, అంటే డీఅలొకేట్ చేస్తే తప్ప అది ఆగదు. చివరకు గ్రూప్ పాలసీలో "Set time limit for disconnected sessions" అన్నదాన్ని ఒక గంటకు పెట్టి, సెషన్ ముగిసిన యంత్రాలను డీఅలొకేట్ చేసే ఏర్పాటు చేశాము. గడువు దాటితే సేవ్ చేయని పని పోతుంది కనుక, సిబ్బందికి ముందే చెప్పడం తప్పనిసరి.

మీరు కొనేటట్లయితే, మీకు ఇవ్వబోయే రీజియన్‌లోనే, మీ వీపీఎన్ ఉండగానే, అందరికన్నా బలహీనమైన కనెక్షన్ ఉన్న ఉద్యోగి ఇంటి నుంచి ఒక వారం ట్రయల్ అడగండి. ఆ వారం బిల్లయిన గంటలను హాజరుతో పోల్చి చూడండి. నెలకు ఎన్ని గంటలు దాటితే స్థిర నెలసరి ధరే చవకో రాతపూర్వకంగా తీసుకోండి.

వదిలి వచ్చేటప్పుడూ జాగ్రత్త అవసరం. ల్యాప్‌టాప్‌లకు మారిన 20 మంది యంత్రాలను ఆపేశాము గాని, డిస్కులను తొలగించలేదు. మరుసటి నెల బిల్లులో వాటి అద్దె వచ్చింది. వాటిలోని ఫైళ్లను బయటకు తెచ్చుకున్నందుకు జీబీల లెక్కన మరో రుసుము పడింది.