ఎన్‌వీడీఏతో తొమ్మిదేళ్లు: ఫారమ్ నింపేటప్పుడే తెలిసే సంగతులు

నేను కడపలో ఒక ఆఫీసులో గుమాస్తాను. పుట్టుకతోనే చూపు లేదు. తొమ్మిదేళ్లుగా నా పనంతా విండోస్ ల్యాప్‌టాప్ మీద ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తోనే సాగుతోంది. ఇది తెర మీదున్నదాన్ని చదివి వినిపిస్తుంది, నేను కీబోర్డుతో దానికి దారి చెబుతాను. మౌస్ మా ఇంట్లో లేదు.

దీన్ని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టారు. ఆయనకూ చూపు లేదు. డబ్బు కట్టాల్సిన పని లేకుండా ఎవరైనా దించుకోవచ్చు. నాకు ముందు పరిచయమైంది జాస్ అనే మరో స్క్రీన్ రీడర్. అది మంచిదే, కానీ కొనలేకపోయాను. కొనకుండా వాడితే 40 నిమిషాలకు ఆగిపోతుంది, మళ్లీ కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి. సగం నింపిన ఫారమ్ చేతిలో ఉన్నప్పుడు ఆ టెన్షన్ పడలేక ఇటు వచ్చాను.

వెబ్ పేజీల్లో ఎన్‌వీడీఏకు రెండు మోడ్‌లు ఉంటాయి: బ్రౌజ్ మోడ్, ఫోకస్ మోడ్. ఈ రెండింటి తేడా చేతికి పట్టేదాకా ఏ షార్ట్‌కట్ నేర్చుకున్నా లాభం ఉండదు. నాకు అది పూర్తిగా పట్టడానికి ఏడాది పట్టింది.

పేజీ తెరవగానే ఎన్‌వీడీఏ దాన్నంతా ఒక పొడవాటి రాతలాగా తన దగ్గర ఒక నకలు తయారు చేసుకుంటుంది. బ్రౌజ్ మోడ్‌లో మనం తిరిగేది ఆ నకలు మీదే. కింది బాణం నొక్కితే తర్వాతి వరుస చదువుతుంది. అక్కడ ఎవరూ టైప్ చేయరు కాబట్టి అక్షరాలన్నీ దూకడానికి పనికొస్తాయి. H కొడితే తర్వాతి శీర్షికకు, K కొడితే లింకుకు, E కొడితే రాసే పెట్టెకు, T కొడితే పట్టికకు పోతాం. షిఫ్ట్ కలిపి కొడితే వెనక్కి వస్తాం. ఫోకస్ మోడ్‌లో మాత్రం కొట్టిన అక్షరం నేరుగా పెట్టెలో పడుతుంది.

పోయిన నెల ప్రొద్దుటూరు నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. డిగ్రీ అయిపోయింది, ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి. ఎన్‌వీడీఏ నేర్చుకొని ఆరు నెలలైందట. రాగానే, "అన్నా, ఊరి పేరు kadapa అని కొడ్తాంటే పేజీ ఎక్కడెక్కడికో పోతాంది" అనింది.

"ఆ పెట్టె కాడికి ఎట్ల వచ్చినావమ్మా?" అని అడిగాను.

"E కొట్టుకుంటా వచ్చినా."

విషయం అక్కడే ఉంది. ట్యాబ్‌తో రాసే పెట్టెలోకి వస్తే ఎన్‌వీడీఏ తనంతట తనే ఫోకస్ మోడ్‌లోకి మారి, ఒక చిన్న శబ్దం చేస్తుంది. E తోనో బాణాలతోనో వస్తే మారదు. మనం పెట్టె మీద నిలబడి ఉంటాం గానీ లోపలికి పోయి ఉండం. అందుకే k కొట్టగానే లింకుకు, d కొట్టగానే పేజీలోని మరో భాగానికి ఎగిరిపోయింది. అప్పుడు ఎంటర్ నొక్కాలి. శబ్దం వినిపించాకే టైప్ చేయాలి. బయటికి రావడానికి ఎస్కేప్ చాలు. అయితే `NVDA+Space`, అంటే ఇన్సర్ట్ కీ పట్టుకొని స్పేస్ కొట్టి మనమే ఫోకస్ మోడ్ పెట్టుకుంటే ఎస్కేప్‌తో రాదు, మళ్లీ అదే కొట్టాలి. కొత్తవాళ్లు "ఇరుక్కుపోయినాం" అని ఫోన్ చేసేది ఎక్కువగా ఇందుకే.

అలాగైతే అంతా ట్యాబ్‌తోనే పోతే సరిపోతుంది కదా అని ఆ అమ్మాయి అడిగింది. సరిపోదు. ట్యాబ్ ఆగేది పెట్టెలూ బటన్లూ లింకుల దగ్గరే. వాటి మధ్య ఉన్న మామూలు రాతను దాటేస్తుంది. ఫోటో ఎంత సైజులో ఉండాలి, తేదీ ఎలా రాయాలి అనేవి ఆ రాతలోనే ఉంటాయి. అందుకే నేను ఏ ఫారమ్‌నైనా ముందు కింది బాణంతో చివరిదాకా వింటాను. ఆ తర్వాతే ట్యాబ్ పట్టుకొని నింపుతాను. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, కానీ ఆ పది నిమిషాలే మనల్ని కాపాడతాయి.

ఆ రోజూ అదే కాపాడింది. ట్యాబ్ కొడుతుంటే పేరు తర్వాత నేరుగా మొబైల్ నంబరు వచ్చింది. బాణంతో విన్నప్పుడు మాత్రం ఆ రెండింటి మధ్య "డిస్ట్రిక్ట్", దాని కింద "సెలెక్ట్, క్లిక్కబుల్" అని వినిపించింది. ఆ మాట వినగానే సంగతి అర్థమైంది. ఆ పేజీ తయారు చేసినవాళ్లు అక్కడ దాదాపు ఇలా రాసి ఉంటారు:

```
<div onclick="openList()">Select</div>
```

చూసేవాళ్లకు అది జిల్లాల జాబితాలాగే కనిపిస్తుంది. మౌస్‌తో నొక్కితే తెరుచుకుంటుంది. కానీ కీబోర్డుకు అది వట్టి రాత. `select` అనే అసలు ట్యాగ్ వాడి ఉంటే ట్యాబ్ దాని దగ్గర ఆగేది, బాణాలతో జిల్లా ఎంచుకొనేవాళ్లం. ఎన్‌వీడీఏ చేయగలిగిన మేలు ఏమిటంటే, నొక్కితే ఏదో జరుగుతుందని పసిగట్టి "క్లిక్కబుల్" అని చెప్పడం.

బ్రౌజ్ మోడ్‌లోనే దాని మీద ఎంటర్ కొట్టించాను. ఏమీ చదవలేదు. జాబితా తెరుచుకుంది గానీ పేజీ నకలులో అది అన్నిటికన్నా చివర చేరింది. `NVDA+Ctrl+F` కొట్టి kadapa అని వెతికితే దొరికింది. దాని మీద ఎంటర్ కొట్టి, వెనక్కి వచ్చి ఆ వరుసను మళ్లీ చదివించాం. "సెలెక్ట్" ఉన్నచోట జిల్లా పేరు వినిపించింది. ఇలా వెనక్కి వచ్చి వినకుండా ఎప్పుడూ ముందుకు పోకూడదు. వెతికినా దొరకకపోతే `NVDA+F5` కొడితే నకలు కొత్తగా తయారవుతుంది, అప్పుడు మళ్లీ వెతకాలి.

సబ్మిట్ కొట్టాక మౌనం. ఆ అమ్మాయి అయిపోయిందనుకుంది. `NVDA+T` కొట్టమన్నాను, అది పేజీ పేరు చెబుతుంది. పాత పేరే చెప్పింది, అంటే ఫారమ్ కదల్లేదు. తప్పు ఎక్కడో ఎర్ర రంగులో రాసి ఉంటుంది. ఆ రాత వచ్చినప్పుడు స్క్రీన్ రీడర్‌కు కబురు అందేలా పేజీలో ఏర్పాటు ఉండాలి, ఇక్కడ లేదు. పేజీ మొదటికి పోయి valid అని వెతికితే పుట్టినతేదీ కింద దొరికింది. అడ్డగీతలు పెట్టి రాశాం, వాళ్లకు ఏటవాలు గీతలు కావాలట.

చివర్లో బొమ్మలో అక్షరాలు చదివి కొట్టమనే పరీక్ష. వినిపించే ఏర్పాటు లేదు. దీనికి ఎన్‌వీడీఏ దగ్గర మందు లేదు, పక్కింటి పిల్లవాడిని పిలిచాం. ఒక మనిషి తన దరఖాస్తు తనే పెట్టుకొనే హక్కు ఆ ఐదు అక్షరాల దగ్గర ఆగిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక తెలుగు గొంతు. ఎన్‌వీడీఏతో పాటే వచ్చే ఈస్పీక్ అనే చదివే ప్రోగ్రామ్‌లో తెలుగు ఉంది. యంత్రంలాగే పలుకుతుంది, మొదటి వారం చెవికి కష్టం. కానీ ఎంత వేగం పెంచినా మాట తెగదు, అందుకే నేను దాన్నే ఉంచుకున్నాను. పేజీలో `lang="te"` అని రాసి ఉంటే ఇంగ్లీషు గొంతు నుంచి తనే తెలుగుకు మారుతుంది. చాలా తెలుగు పేజీల్లో ఆ ఒక్క ముక్క రాయరు, మనమే సెట్టింగుల్లోకి పోయి గొంతు మార్చుకోవాలి.

ఆ అమ్మాయి ఫారమ్ రెండోసారి కొట్టగానే పేజీ పేరు మారింది. H తో దరఖాస్తు నంబరు దగ్గరికి తనే పోయింది. కుడి బాణంతో ఒక్కో అంకె విని, నోట్‌ప్యాడ్‌లో రాసుకుంది.