సముద్రపు గాలిలో తొమ్మిదేళ్లు: మా గేటు, జీఐ పైపులు, గునపం

మా ఇల్లు భీమిలి దగ్గర, తీరానికి ముప్పావు కిలోమీటరు దూరం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను పాత గేటును ఊడబెరికింది. మరుసటి ఏడు కొత్తది పెట్టించాం. గేటుకు రంగు, డాబా మీద బట్టలారేసే దండేనికి జీఐ పైపులు, పనిముట్లకు నూనె. తొమ్మిదేళ్లు ఈ మూడూ ఒకే ఉప్పుగాలిలో తుప్పును ఎలా తట్టుకున్నాయో చూశాను.

ముందు గేటు గురించి, ఎందుకంటే ఎక్కువ డబ్బు తగలేసింది అక్కడే. ఒక కోటు రెడాక్సైడు, రెండు కోట్లు ఎనామిల్ వేయించాం. రెండో వానాకాలానికి అడుగు పట్టీ మీద, వెల్డింగు అతుకుల దగ్గర శనగగింజంత పొక్కులు లేచాయి. గోటితో గిల్లితే రంగు పొరలా ఊడొచ్చింది, కింద గోధుమ రంగు పొడి. పెయింటరు "ఏం కాదు సార్, పైన ఇంకో కోటేస్తే కనబడదు" అన్నాడు. నిజమే, ఎనిమిది నెలలు కనబడలేదు. తర్వాత పొక్కులు అరచేయంత అయ్యాయి.

ఇనుముకు తుప్పు పట్టాలంటే నీరూ ఆక్సిజనూ రెండూ తగలాలి. నీళ్లలో ఉప్పు కలిస్తే కరెంటు తేలిగ్గా పారుతుంది. అంటే ఇనుప ముక్కే చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది: గాలి తక్కువ ఆడే చోట ఇనుము నీటిలోకి కరుగుతుంది, గాలి బాగా అందే చోట ఆక్సిజన్ ఖర్చవుతుంది. అందుకే రంగు మీద గీత పడితే తుప్పు గీత దగ్గరే ఆగదు, గాలాడని రంగు కిందికి పాకుతుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కాబట్టి రంగును పైకి నెడుతుంది. రాగి మీది చిలుములా అంటిపెట్టుకుని కాపాడదు, పెచ్చులుగా రాలి కొత్త ఇనుమును బయటపెడుతుంది.

2018లో పని మళ్లీ మొదటినుంచి చేయించాను. వైర్ బ్రష్షుతో, గరుకు కాగితంతో మెరిసే ఇనుము కనబడేదాకా గీకాం. తర్వాత చాలామంది వదిలేసే పని చేశాం: మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాం. రంగు కింద కొద్దిపాటి ఉప్పు మిగిలినా అది పొరగుండా తేమను లాక్కుంటుంది. మా పొక్కులకు సగం కారణం అదే. ఎండలో ఆరిన పూటే ప్రైమరు, అంచులకూ అతుకులకూ బ్రష్షుతో అదనంగా ఒక చేయి, ఆరాక రెండో ప్రైమరు, ఆపైన రెండు ఎనామిల్. పదునైన అంచుల మీద రంగు పల్చగా జారిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఈసారి అయిదేళ్లు నిలిచింది.

దండెం కథ వేరు. జీఐ పైపు మీది జింకు ఊరికే కప్పి ఉంచే పొర కాదు. ఇనుము కన్నా ముందు తుప్పుకు తానే బలవుతుంది. ఇనుప తీగ గీసిన చోట తొమ్మిదేళ్లలో ఎర్రదనం రాలేదు, చుట్టూ ఉన్న జింకే ఆ సన్నని గాటును కాపాడింది. మెరుపు పోయి బూడిద రంగు తేలిందంతే. చెడింది వెల్డింగు అతుకుల దగ్గర. జింకు సుమారు 420 డిగ్రీలకే కరుగుతుంది, వెల్డింగు మంట దగ్గర కాలి పొగైపోతుంది (ఆ పొగ పీలిస్తే జ్వరం కూడా వస్తుంది). ఏడాదిలోపే ఒక్కో అతుకు నుంచి గోధుమ రంగు చార దిగింది. గీకి, జింకు పొడి దండిగా ఉండే రంగు పూస్తే ఆగింది.

కానీ జింకు ఉంటే చాలనుకోకండి, దాని మందం చూడాలి. మా స్నానాలగది పైన వేసింది 120 జీఎస్ఎం రేకు, అంటే చదరపు మీటరు రేకుకు 120 గ్రాముల జింకు. ఆ లెక్క రెండు వైపులా కలిపి, అంటే ఒక్కో వైపు దాదాపు 8 మైక్రాన్లే. ఆరేళ్లకు అంచులు ఎర్రబడ్డాయి. కొనేటప్పుడు మేము రేకు మందం చెప్పే గేజి అడిగాం గానీ జీఎస్ఎం అడగలేదు.

నూనె సంగతి క్లుప్తంగా చెబుతాను. పారకూ గునపానికీ పని అయ్యాక కడిగి, ఎండబెట్టి, గుడ్డతో నూనె రాస్తే బాగానే ఉంటాయి. వానాకాలంలో పది రోజులు మరిచిపోతే చాలు, గునపం ఎర్రబడింది. మొదట్లో నువ్వుల నూనె రాశాం, అది జిగురెక్కి దుమ్ము పట్టింది. ఇప్పుడు మెషిన్ ఆయిలు వాడుతున్నాం. గేటు బందులకు మాత్రం గ్రీజు, వానకు నూనె కొట్టుకుపోతుంది.

పోయినేడు గేటు అడుగు పట్టీ లోపలి నుంచి తూట్లు పడింది. బయట రంగు నిగనిగలాడుతోంది, సుత్తితో తడితే డొల్ల మోత. ఆ పట్టీ డొల్ల గొట్టమే, అందులో చేరిన వాననీటికి బయటికి దారి లేదు. ఈసారి ఆ ముక్కను జీఐ గొట్టంతో మార్పించి, వెల్డింగు కాకుండా బోల్టులతో బిగించి, అడుగున రెండు చిన్న రంధ్రాలు పెట్టించాను.